వరుస చివర ఊపిరి

మా ఎల్లేశం ఒకసారి పాట మధ్యలో గట్టిగా ఊపిరి పీల్చితే, బొగ్గు బాయికి గాలి పంపే పెద్ద ఫ్యాను ఆగిపోయింది. లోపలున్న షిఫ్టు మొత్తం పైకి వచ్చి "మా గాలి మాకియ్యి" అని అతన్ని నిలదీసింది. అతను మిగిలిన సగం పాట పాడి, గాలి వదిలితేగానీ ఫ్యాను మళ్ళీ తిరగలేదు.

సరే, ఆగిపోలేదు. కాస్త నెమ్మదించింది. మా ఆవిడ చంద్రమతి వెనక నుంచి చదువుతూ, "ఆ రోజు కరెంటు పోయిందండీ, నాకు బాగా గుర్తు, పప్పు సగం రుబ్బి ఆగిపోయాను" అంటోంది. కరెంటు పోయిన మాట నిజమే కావచ్చు. కానీ ఎల్లేశం ఊపిరి పీల్చిన మాట కూడా నిజమే. రెండూ ఒకేసారి జరిగాయి. ఏది దేనివల్ల జరిగిందో చెప్పడానికి నేనెవణ్ణి?

ఎల్లేశాన్ని గోదావరిఖనిలో తెలియనివాళ్ళు తక్కువ. చామనఛాయ, పొట్టి మనిషి, పెద్ద ఛాతీ. మాట్లాడితే పక్క క్వార్టరులో కుక్క లేస్తుంది. గని పనిలోకి వచ్చిన కొత్తలో బొగ్గు నింపిన టబ్బులు పట్టాల మీద నెట్టేవాడు. నలుగురు కలిసి భుజం ఆనిస్తేగానీ టబ్బు కదలదు. కదిలించేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, కదిలాక వదలాలి, మళ్ళీ బిగబట్టాలి. ఆ వదిలే చోట ఎవరో ఒకరు ఒక మాట అనేవారు. మిగతా ముగ్గురూ ఆ మాటనే తిరిగి అనేవారు. ఎల్లేశం పాటలు అక్కడే పుట్టాయి. మొదట్లో అన్నీ, దగ్గరుండి పని చేయించే సర్దారును తిట్టే పాటలే. తర్వాత పెళ్ళిళ్ళకు, రిటైర్మెంట్లకు, ఆటోవాళ్ళ సంఘానికి, చివరికి కాలనీలో పందుల బెడద మీద కూడా పాటలు కట్టాడు.

అతనికి తన పాటల మీద ఉన్న గర్వం నాకు నా అబద్ధాల మీద లేదు. "సారు, నా పాటకు తాళం అక్కర్లేదు, సంగీతం అక్కర్లేదు. ఊపిరుంటే చాలు" అనేవాడు. నేను చిన్నప్పుడు కాన్వెంటులో చదివాను. అక్కడ సిస్టర్ ఫిలోమినా ప్రార్థన గీతాల పుస్తకంలో పెన్సిలుతో, అక్షరాల నెత్తిన చిన్న చిన్న కామాలు పెట్టేది. ఆ కామా దగ్గరే గాలి పీల్చాలి. వేరేచోట పీల్చినవాడి చెవి ఆమె చేతిలో ఉండేది. నా కుడి చెవి ఎడమ చెవికన్నా పొడుగ్గా ఉండడానికి కారణం అదే. ఈ సంగతి చెబితే ఎల్లేశం చాలా సంతోషించాడు. "గా సిస్టరమ్మ మా బాయిల పుట్టవలసింది" అన్నాడు.

అతనూ గాలి గురించి అంత పట్టుదలగా ఉండడానికి ఒక కారణముంది. రఘుపతి గారని, నేను పనిచేసే గని ఆఫీసులో ఆఫీసరు ఒకాయన రిటైరయ్యాడు. మంచివాడే, కానీ సెలవు చీటీల మీద సంతకానికి కాస్త గట్టివాడు. ఆయన వీడ్కోలు సభకు ఎల్లేశం పాట కట్టాడు. "పోతున్నడు మన సారు అన్న బాధ మనకున్నది" అని మొదలు. మంచి మాటే. కానీ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఎల్లేశానికి గాలి తక్కువైంది. "పోతున్నడు" దగ్గరే ఆగి గుక్క తిప్పుకున్నాడు. కోరస్ వాళ్ళకు తెలిసిన పద్ధతి ఒకటే. పాడేవాడు ఎక్కడ ఆగితే అక్కడిదాకా ఉన్న మాట అందుకుని తిరిగి పాడాలి. వెనకున్న పదిమందీ డప్పు దంచుతూ "పోతున్నడు! పోతున్నడు!" అని అందుకున్నారు. మొహాల్లో సంబరం చూడాలి! బాధ ఉన్నదన్న సంగతి ఎవరి చెవినా పడలేదు. రఘుపతి గారు దండ మెడలోంచి తీసి బల్లమీద పెట్టి, "అందరికీ చాలా ఆనందంగా ఉన్నట్టుందే" అన్నారు.

ఆ రోజు నుంచి ఎల్లేశం ఒక నియమం పెట్టుకున్నాడు. ఒక వరుసలో ఒకే ముచ్చట. ముచ్చట పూర్తయ్యేదాకా వరుస తెంపొద్దు. వరుస చివరే ఊపిరి. కోరస్ ఏ మాట తిరిగి అనాలో ఆ మాట ఊపిరికి ముందు ఉండాలి. పాటలన్నీ పెళ్ళి పత్రికల వెనక, లావుపాటి పెన్నుతో, ఈ పద్ధతిలోనే రాసేవాడు. గుక్క తిప్పుకునేంత ఆగాల్సిన చోట ఒక అడ్డగీత, పూర్తిగా నిలిచిపోవాల్సిన చోట రెండు. ఊపిరి చాలకపోయినా తెంపకూడని చోట రెండు మాటల కింద కలిపి ఒక వంపు గీసేవాడు. చూడడానికి పాటలా ఉండేది కాదు, గని మ్యాపులా ఉండేది. కానీ ఆ అట్ట చేతికిస్తే దారిన పోయే షేర్ ఆటో డ్రైవరు కూడా తప్పు లేకుండా పాడేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఎల్లేశానికి రాయమల్లు అని ఒక దోస్తు ఉండేవాడు. ఇద్దరూ ఒకే టబ్బును నెట్టినవాళ్ళు, ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. ఎల్లేశం వాగుడుకాయ, రాయమల్లు మాటకు మొహమాటపడే మనిషి. పోయిన ఏడాది రాయమల్లు పొద్దు షిఫ్టుకు వెళ్ళి, పనిలో ఉండగానే గుండె ఆగి కన్నుమూశాడు. ఆయన భార్య సారవ్వ. ఎల్లేశం ఆమెను చెల్లె అంటాడు.

మా బొగ్గు బాయిల దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోయి ఏడాది తిరిగాక దోస్తులంతా కలిసి హాల్లో సంస్మరణ సభ పెడతారు. ఫోటోకు దండ వేస్తారు, నలుగురు మాట్లాడతారు, ఆ మనిషి మీద కట్టిన పాట ఒకటి పాడతారు. ఆ పాటే అతనికి ఊళ్ళో మిగిలే పేరు. తర్వాత జాతరకైనా, పెళ్ళికైనా ఎవరో ఒకరు ఆ పాట ఎత్తుకుంటారు. అందుకే సారవ్వ ఎల్లేశాన్ని ఒక్కటే అడిగింది. "అన్నా, నా మనిషి నోరున్నోడు గాదు. నీ పాటలనన్న మంచిగ ఉండాలె" అంది.

ఎల్లేశం ఆ పాటను సారవ్వే పాడుతున్నట్టు కట్టాడు. కానీ అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. డాక్టరు రాయొద్దు, చదవొద్దు, దుమ్ములోకి పోవద్దు అన్నాడు. దాంతో మనవరాలు హర్షిణి నేర్పితే, ఫోను పట్టుకుని నోటితో చెప్పాడు. ఫోను విని టైపు చేసుకుంది. హర్షిణి అతని కూతురి బిడ్డ. డిగ్రీ అయింది, జానపద పాటలు పాడుతుంది, యూట్యూబులో ఆమె గొంతు మంచిర్యాల దాకా తెలుసు. పాట ఆమె ఫోనుకు వెళ్ళింది. రాగం ఎలా ఉండాలో ఒకసారి మాటల్లేకుండా గొంతులో సన్నగా ఆలపించి వినిపించాడు. అంతే. కళ్ళకు ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు.

హర్షిణి ఫైవింక్లైన్ చౌరస్తా దగ్గర వేణుమాధవ్ స్టూడియోలో కోరస్‌తో పాట రికార్డు చేసింది. స్టూడియో అంటే ఒక గది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. పాట అందరి ఫోన్లకూ వచ్చింది. నేనూ విన్నాను. గొంతు బాగుంది. ఏదో తేడాగా అనిపించింది కానీ, వయసు మీదపడ్డవాళ్ళకు అన్నీ తేడాగానే అనిపిస్తాయి కదా అని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం నేను ఎల్లేశం ఇంట్లో చాయ్ తాగుతుండగా సారవ్వ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, గా పాట పెట్టకు."

"ఎందుకు చెల్లె? ఏమైంది?"

"ఏమైందో నువ్వే విను. రాలేదని, రాలేదని, రాలేదని... పదిమంది కలిసి అంటున్నరు. పాలోడు రాలేదన్నట్టున్నది. ఆఖరుకు పోతడు, పోతడు, పోతడు అంటున్నరు. నా మనిషి మాట తప్పినోడా అన్నా? వస్తనని చెప్పి ఎగ్గొట్టినోడా?"

"నేను గట్ల రాయలే చెల్లె! దేవుని తోడు!"

"రాసినవో లేదో నాకెర్క లేదు. నా చెవుల పడ్డది గదే. గా పాట పెడితే నేను మీటింగుకు రాను. ఊరంత అదే పాడుకుంటది. నేను సచ్చేదాక వినాలె."

ఆమె వెళ్ళిపోయింది. ఎల్లేశం కళ్ళ గుడ్డ విప్పేశాడు. వద్దంటే వినలేదు.

"హర్షిణీ! ఓ హర్షిణీ! ఇటు రా! ఏం పాడినవే నువ్వు?"

లోపల నుంచి హర్షిణి పిండి చేతులతో వచ్చింది. "నువ్వు చెప్పిందే పాడిన తాత."

"నేను చెప్పింది గిదేనా? సారవ్వ ఏడుసుకుంట పోయింది!"

"వరుస చివర్ల ఊపిరి తీసుకోమన్నవ్. తీసుకున్న. నువ్వే గద నేర్పినవ్. ఒక్క అక్షరం మార్చలే. కావాలంటే చూడు." ఫోను తెచ్చి అతని మొహం ముందు పెట్టింది. నేనూ తొంగిచూశాను. అందులో ఇలా ఉంది:

వస్తనన్నడు పొద్దుగాల
పోయిన మనిషి రాలేదని
అనను నేను రాక ఎక్కడికి
పోతడు

ఎల్లేశం కళ్ళు చిట్లించి చాలాసేపు చూశాడు. "ఇట్ల ఎవడు తెంపిండు?"

"ఎవరు తెంపుడేంది? నువ్వు పంపింది గిట్లనే వచ్చింది."

"నేను నోటితోని చెప్పిన. నోట్ల వరుసలు ఉంటయా?"

అప్పుడు నాకు అనుమానం వచ్చి, అదే మెసేజి నా ఫోనుకు పంపించాను. నా ఫోను కాస్త వెడల్పు. అందులో పాట రెండు వరుసలే వచ్చింది. ఇంటికి ఫోన్ చేసి చంద్రమతికి పంపించాను. ఆమె చత్వారం వల్ల అక్షరాలు గుమ్మడికాయలంత పెట్టుకుంటుంది. "ఏమండీ, ఇదేమిటి, మాటకో వరుస ఉంది? మీ స్నేహితుడికి ఎక్కిళ్ళా?" అంది.

అప్పటికి అందరికీ అర్థమైంది. ఎల్లేశం ఆగకుండా చెప్పుకుపోయాడు. ఫోను ఎక్కడా వరుస తెంపలేదు. మొత్తం ఒకే తాడులా రాసుకుంది. ఆ తాడును ఒక్కో ఫోను తన అద్దం ఎంత వెడల్పుంటే అంత దగ్గర మడిచింది. హర్షిణి ఆ మడతలను తాత పెట్టిన ఊపిరి అనుకుంది. "రాలేదని" దగ్గర ఆగింది. ఆగిన చోట కోరస్ అందుకుంది. "అనను నేను" అన్న మాట ఊపిరికి అవతల పడింది. సారవ్వ చెప్పదలుచుకున్నది ఆ "అనను" లోనే ఉంది. అది తర్వాతి వరుస తల మీద అతుక్కుని ఎవరికీ వినబడకుండా పోయింది.

"మరి పాడేటప్పుడన్నా తెల్వలేదా నీకు?" అన్నాడు ఎల్లేశం.

"తెలిసింది తాత. అతకనట్టే అనిపించింది. కానీ నీ పాటల నేను వేలు పెడితే ఊరుకుంటవా? పోయినసారి ఒక గుక్క ముందట తీసుకున్నందుకు నాలుగు దినాలు మాట్లాడలే."

ఎల్లేశం ఏమీ అనలేదు. ఇది నేను నా కళ్ళతో చూశాను. ఎల్లేశం ఏమీ అనకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు పొద్దున ముగ్గురం కూర్చున్నాం. ఎవరిదో పెళ్ళి పత్రిక తీసుకుని హర్షిణి పెన్ను పట్టుకుంది. ఎల్లేశం చెప్పడం, ఆమె రాయడం. మొదటి వరుస దగ్గరే గొడవ మొదలైంది.

"వస్తనన్నడు పొద్దుగాల పోయిన మనిషి. ఒక్క వరుస. గీత పెట్టు" అన్నాడు.

"వద్దు తాత. వస్తనన్నడు, అంతే. అక్కడ ఆపు."

"ఒక్క మాటకు ఒక వరుసా? కాయిదం దండుగ."

"ఉత్తగ కలిపి పాడితే కబురు చెప్పినట్టున్నది. వస్తనన్నడు, అని ఆగితే వినేటోళ్ళు ఎవరు, ఎప్పుడు అని చూస్తరు. ఎదురు చూస్తరు. సారవ్వమ్మమ్మ చూసినట్టు."

ఎల్లేశం నా వైపు తిరిగాడు. "సారు, దీనికి ఎవరు నేర్పిండ్రు?" అతని మొహంలో కోపం లేదు. టబ్బు నిండితే కనబడే సంతోషం లాంటిది ఉంది.

"ఎంతసేపు ఆగాలె మరి?" అన్నాడు. హర్షిణి నా వైపు చూసింది. నాకు తెలిసిన కొలత పనికిరాదు. సిస్టర్ ఫిలోమినా కామాలన్నీ ఒకే సైజులో ఉండేవి.

ఎల్లేశం లేచి సారవ్వ ఇంటికి నడిచాడు. మేమూ వెనకే వెళ్ళాం. సారవ్వ బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి తల ఎత్తలేదు.

"చెల్లె, పాట సంగతి అడుగ. ఒక్కటి చెప్పు. బావ ఆ రోజు వస్తనని ఎక్కడ నిలబడి అన్నడు?"

చేట ఆగింది. ఆమె గేటు వైపు చూసి అంది. "నిలబడి ఎప్పుడన్నడు? పోతనే అంటడు. గేటు దాటినంక అంటడు. వెనుకకు చూడడు. పైలం, మంచిగ పోయిరా అని నేను అనేటాళ్ళకు మూల తిరుగుతడు."

"నువ్వు అప్పుడు లోపలికి పోతవా?"

"ఏడ పోత? చెప్పుల సప్పుడు ఆగేదాక ఆడనే ఉంట."

ఎల్లేశం గేటు దగ్గరికి వెళ్ళాడు. "వస్త" అని గేటు దాటి, క్వార్టర్ల వరుస వెంట నడిచి, మూల తిరిగి కనబడకుండా పోయాడు. చెప్పుల చప్పుడు సన్నబడి ఆగింది. హర్షిణి ఊపిరి బిగబట్టి నిలబడింది. చప్పుడు ఆగాక, మెల్లగా గాలి పీల్చి, గొంతు పెంచకుండా అందుకుంది.

వస్తనన్నడు

పొద్దుగాల పోయిన మనిషి

రాలేదని అనను నేను

రాక ఎక్కడికి పోతడు

"రాలేదని" మీద రాగం నిలవాలని చూసింది. అక్కడే పై శ్రుతి ఉంది. హర్షిణి నిలవనివ్వలేదు. ఒకే గుక్కలో దాటించి "అనను నేను" మీదకు తెచ్చి దించింది. దానికోసం ముందు వరుస చివర ఛాతీ నిండా గాలి పోసుకుంది. ఆ గాలి పోసుకోవడం కూడా వినబడింది. చెప్పలేని మాట చెప్పబోయే మనిషి పీల్చినట్టు వినబడింది.

సారవ్వ చేట పక్కన పెట్టింది. "సద్ది గిన్నె సంగతి కూడ ఉన్నది గద పాటల. అది పాడు" అంది.

సద్ది గిన్నె కడిగి పెట్టిన

మూత మీద చెయ్యి పెట్టిన

సల్లగైంది బువ్వ కాదు

సల్లగైంది నా చెయ్యి

"బువ్వ కాదు" తర్వాత హర్షిణి పూర్తిగా ఆగలేదు. పెదవులు విడీ విడనట్టు చిన్న గుక్క మాత్రం తీసుకుంది. పూర్తిగా ఆగితే ఏదో పొడుపు కథ విప్పుతున్నట్టు ఉంటుందని తర్వాత నాకు చెప్పింది. ఆ చిన్న గుక్క తన పని తను చేసింది. సారవ్వ తన చేతిని చూసుకుంది. "మీటింగు నాడు చూద్దాం" అంది. అంతకుమించి మాట ఇవ్వలేదు.

వెంటనే మేం ముగ్గురం వేణుమాధవ్ స్టూడియోకు వెళ్ళాం. ఈసారి ఎల్లేశం పక్కనే కూర్చుని వరుసవరుసకూ చెయ్యి ఎత్తి దించాడు. హర్షిణి అద్భుతంగా పాడింది. వేణుమాధవ్ హెడ్‌ఫోన్లు తీసి, "అన్నా, రెండు గంటల్ల ఇస్త, మొత్తం నీట్‌గ చేసి" అన్నాడు. చేశాడు. పాట పెట్టాడు. ఎల్లేశం కుర్చీలోంచి లేచాడు.

"ఏంది, రైలు అందుకునుడా? ఎవడు తరుముతున్నడు?"

"లేదన్నా, అమ్మాయి ఊపిరి సప్పుడు మస్తు వస్తున్నది. అన్ని తీసేసిన. మధ్యల ఖాళీలు కూడ తగ్గించిన. వస్తనన్నడు తర్వాత ఎంత ఖాళీ ఉన్నదో ఎర్కనా? వినేటోళ్ళు పాట అయిపోయిందనుకుంటరు, పక్కదానికి పోతరు."

"ఖాళీ కాదు తమ్మీ అది. అండ్ల సారవ్వ నిలబడి ఉన్నది."

వేణుమాధవ్ మంచి కుర్రాడు. వాదించలేదు. అందరు పాటగాళ్ళూ తనను అడిగేది ఊపిరి తీసెయ్యమనే. అది అతని పనిలో శుభ్రత. ఖాళీలు మళ్ళీ పెడతానన్నాడు. పెట్టాడు కూడా. కానీ అన్నిచోట్లా ఒకే కొలత పెట్టాడు. గాలి పీల్చే చప్పుడు లేని నిశ్శబ్దం ఎలా ఉందంటే, పాడే మనిషి గదిలోంచి లేచిపోయి మళ్ళీ వచ్చినట్టు ఉంది. కోతలు పెట్టకముందు పాడింది అలాగే ఉంచమంటే, ఫ్యాను చప్పుడు పడిందని చూపించాడు.

"రికార్డు వద్దు బిడ్డా. మనిషే పాడాలె" అన్నాడు ఎల్లేశం. వేణుమాధవ్ పాత పాటను ఫోన్లలోంచి తీసేయమని అందరికీ తనే మెసేజి పెట్టాడు.

సభ రోజు హాలు నిండింది. రాయమల్లు ఫోటో, బంతిపూల దండ. కోరస్ కోసం ఎల్లేశం పాత టబ్బు మనుషుల్నే పిలిచాడు. అందరూ రిటైరైనవాళ్ళు. పొడుగు వరుస ఒకటి పాడమంటే సగంలో దగ్గు వస్తుంది. కానీ ఈ పాటలో వాళ్ళకిచ్చినవి పొట్టి పొట్టి మాటలు. వాళ్ళ ఛాతీకి సరిపోయేంతే. ముందు వరుసలో సారవ్వ కుర్చీ ఖాళీగా ఉంది. ఎల్లేశం మాటిమాటికీ తలుపు వైపు చూశాడు. నలుగురూ మాట్లాడడం అయిపోయింది. ఆమె రాలేదు.

సభ నడిపేది జైపాల్, యూనియన్ ఆఫీసులో ఉంటాడు. మైకు మీద అతనికి ప్రాణం. "ఇప్పుడు పాట!" అన్నాడు. హర్షిణి లేచింది.

"వస్తనన్నడు."

ఆగింది.

హాలు కదలలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగిందంటే, బయట రోడ్డు మీద పోతున్న బొగ్గు లారీలన్నీ ఆగి చెవులు రిక్కించాయి. (సరే, ఒకటి ఆగింది. గేరు పడలేదట.) జైపాల్ మైకు పాడైందనుకున్నాడు. పరుగున వచ్చి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అనబోయాడు. ఎల్లేశం అతని చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగాడు. "నోరు తెరిస్తే బాయిల ఏస్త" అన్నాడు గుసగుసగా. ఎల్లేశం గుసగుస అంటే చివరి వరుసకు వినబడుతుంది. అయినా ఎవరూ నవ్వలేదు. అందరూ ఎదురు చూస్తున్నారు. దేనికోసమో వాళ్ళకు తెలియకుండానే తలుపు వైపు చూస్తున్నారు.

తలుపులో సారవ్వ నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడి ఉందో ఎవరికీ తెలియదు.

హర్షిణి ఆమెను చూసింది. అందుకుంది. "పొద్దుగాల పోయిన మనిషి." ఛాతీ నిండా గాలి. "రాలేదని అనను నేను." ముసలి గొంతులు ఒక్కసారిగా అందుకున్నాయి. "అనను నేను. అనను నేను." డప్పు లేదు. దగ్గు కూడా లేదు. ఒకప్పుడు టబ్బుకు భుజం ఆనించినట్టే ఆ మాటకు ఆనించారు. బొంగురు గొంతులు పదీ కలిసి, మేం కూడా అనం అని సారవ్వకు మాట ఇస్తున్నట్టు ఉంది.

సారవ్వ నడిచి వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. పల్లవి రెండోసారి వచ్చింది. "అనను నేను" అయ్యాక హర్షిణి గాలి పీల్చుకోవడానికి ఆగింది. ఆ కొంచెం జాగాలో సారవ్వ గొంతు వినబడింది. పాట కాదు, మామూలు మాట. ఇంటి గేటు దగ్గర నిలబడి పక్కింటావిడతో అన్నట్టు అంది.

"రాక ఎక్కడికి పోతడు."

ఆ తర్వాత హర్షిణి ఆ వరుస పాడలేదు. ఎన్నిసార్లు పల్లవి వచ్చినా అక్కడ ఆగి, సారవ్వకు వదిలేసింది. ఎల్లేశం తన పాటలో ఒక వరుసను ఇంకొకరికి అలా వదిలేయడం నేనెన్నడూ చూడలేదు. అతను తల వంచుకుని, పెళ్ళి పత్రిక మీద ఆ వరుసకు ముందు రెండు గీతలు గీస్తున్నాడు.

ఇప్పుడు మా కాలనీలో ఆ పాట ఎవరు పాడినా చివరి వరుస దగ్గర ఆగుతారు. పాడేవాళ్ళలో ఎవరో ఒక ఆడమనిషి మామూలు మాటగా అంటుంది. అలా ఎందుకని అడిగితే, "పాట గట్లనే ఉంటది" అంటారు. రాసినవాడి పేరు సగంమందికి తెలియదు. కోపం తెచ్చుకోవలసిన ఎల్లేశం, ఆ మాట విన్నప్పుడల్లా మీసం దువ్వుకుంటాడు. ఇంత పెద్ద ఛాతీ, అందులో ఇంత జాగా ఉన్నవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.

ఇదంతా రాసి, మొన్న అతనికి చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అంతా అయ్యాక చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"సారు, మీరు చదువుకున్నోళ్ళు, పెద్దమనుషులు. గిన్ని అబద్ధాలు ఎట్ల వస్తయి మీకు?"

"ఏది అబద్ధం?"

"ఏది నిజం? నేను ఎవని కాలరు పట్టుకోలే. ఫోన్ల పాట చెప్పలే, నాకు ఫోను పట్టుడే రాదు. మా హర్షిణి నాకు నేర్పుడు ఏంది? నేను దానికి నేర్పిన. ఆ దినం హాల్ల నేను ఏడ్సిన్నని ఎవడో పుకారు లేపిండు, అది గూడ అబద్ధం."

"ఏడ్చావని నేను రాయలేదే!"

"రాస్తరని ముందుగాలనే చెప్తున్న. గా పాట నేను కట్టలే. అసలు గా మీటింగుకే నేను పోలే, కండ్లు బాగలేక ఇంట్ల పన్న. మొత్తం అబద్ధం సారు. ఇండ్ల ఒక్క ముక్క జరుగలే."